గోడ బోల్తా పడే లోపే జారుతుంది

విశాఖపట్నంలో కొండవాలున స్థలం కొన్నవాళ్లకు ఇంటికంటే ముందు గోడ ఖర్చు ఎదురవుతుంది. వాలును చదును చేయాలంటే పైనున్న మట్టిని నిలువుగా కోయాలి, కోసిన మట్టి కిందికి రాకుండా ఆపాలి. నాలుగైదు మీటర్ల ఎత్తు దాకా మట్టిని ఆపడానికి మన దగ్గర ఎక్కువగా కట్టేది ఆర్‌సీసీ కాంటిలీవర్ రిటైనింగ్ వాల్. పక్కనుంచి చూస్తే తలకిందులైన ‘టీ’ అక్షరంలా ఉంటుంది. భూమిలో అడ్డంగా ఒక మందపాటి బేస్ స్లాబ్, దాని మీద నిలువుగా ఒక గోడ. గోడకు ముందువైపు, అంటే ఖాళీ జాగా వైపు, బయటికి వచ్చిన బేస్ భాగాన్ని టో అంటారు. వెనక మట్టి కిందికి చొచ్చుకుపోయిన భాగం హీల్.

ఈ గోడను చూసిన ప్రతివాళ్లూ భయపడేది ఒక్కదానికే: ముందుకు బోల్తా పడుతుందేమోనని. అందుకే నిలువు గోడను మరో రెండంగుళాలు మందం చేయమంటారు, ఇనుము పెంచమంటారు. లెక్క వేసి చూస్తే మాత్రం ప్రమాదం చాలాసార్లు మరోచోట ఉంటుంది. గోడ నిలబడ్డది నిలబడ్డట్టే ఉండి, బేస్‌తో సహా ముందుకు జారిపోతుంది. అందుకే ఇంజనీరు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకుంటాడు. గోడ టో అంచు మీద తిరగబడుతుందా? నేల మీద జారుతుందా? టో కింద నేల ఆ ఒత్తిడికి ఓర్చుకుంటుందా? ఒకే గోడకు ఈ మూడూ వేసి చూద్దాం.

ముందు మట్టి ఎంత బలంగా తోస్తుందో తెలియాలి. పోసిన మట్టి నిలువుగా నిలవదు, తన సహజమైన వాలుకు రావాలని చూస్తుంది. గోడ దానికి అడ్డం పడుతుంది కాబట్టి గోడను తోస్తుంది. గోడ అణుమాత్రమూ కదలకపోతే ఆ తోపుడు ఎక్కువగా ఉంటుంది. గోడ పైభాగం కాస్త ముందుకు వంగిందంటే వెనక మట్టిలో ఒక ముక్క ఏటవాలుగా తెగి, కొద్దిగా కిందికి దిగుతుంది. ఆ తెగిన తలం మీద మట్టి రేణువుల మధ్య రాపిడి పూర్తిగా పనిచేయడం మొదలవుతుంది. మట్టి తన బరువును కొంత తానే మోసుకుంటుంది కనుక గోడ మీద తోపుడు తగ్గుతుంది. అలా తగ్గి నిలిచిన విలువే యాక్టివ్ ఎర్త్ ప్రెషర్. ఇందుకు కావలసిన కదలిక చాలా చిన్నది. గట్టిగా దట్టించిన ఇసుకమట్టి అయితే ఎత్తులో వెయ్యో వంతు చాలు. అయిదు మీటర్ల గోడకు అయిదు మిల్లీమీటర్లన్నమాట. కాంటిలీవర్ గోడ పై అంచు స్వేచ్ఛగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం వంగుతుంది. పైన శ్లాబ్ పట్టి ఉంచిన సెల్లార్ గోడ అలా వంగలేదు. దానికి యాక్టివ్ ప్రెషర్ వాడి డిజైన్ చేస్తే తక్కువ లెక్క వేసినట్టే.

తెగే ముక్కను తీసుకుని తోపుడును లెక్కగట్టే దారి చూపినవాడు ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్. విద్యుదావేశాల సూత్రంతో మనం బడిలో విన్న కూలుంబే. మార్టినిక్ దీవిలో కోట కట్టించిన అనుభవంతో 1773లో పారిస్ సైన్స్ అకాడమీకి ఆ పత్రం సమర్పించాడు. 1857లో స్కాట్లండ్‌కు చెందిన రాంకిన్ దాన్ని ఇంకో దారిలో సులువైన సూత్రంగా మార్చాడు. చిన్న గోడలకు ఇవాళ్టికీ ఎక్కువగా వాడేది రాంకిన్ పద్ధతే. మట్టి అంతర్గత రాపిడి కోణం 30 డిగ్రీలు, వెనక నేల చదునుగా ఉంటే, ఏ లోతులోనైనా పైనుంచి పడే బరువులో మూడో వంతు పక్కకు తోస్తుందని ఆ సూత్రం చెబుతుంది. మంచి మొరం, ఇసుక కలిసిన మట్టికి 30 డిగ్రీలు సబబైన అంచనా.

ఇప్పుడు మన గోడ. కంటికి కనిపించే ఎత్తు 4 మీటర్లు, భూమిలోపల 1 మీటరు. బేస్ అడుగు నుంచి పై అంచు దాకా మొత్తం 5 మీటర్లు. బేస్ వెడల్పు 3 మీటర్లు, మందం అర మీటరు. నిలువు గోడ మందం 40 సెంటీమీటర్లు, టో 80 సెంటీమీటర్లు, మిగతా 1.8 మీటర్లు హీల్. ఘనమీటరు మట్టి 1.8 టన్నులు, కాంక్రీటు 2.5 టన్నులు. గోడ పొడవులో ఒక్క మీటరు ముక్కకే లెక్క వేస్తాం, మిగతా పొడవంతా అదే కథ కాబట్టి.

బేస్ అడుగున పైబరువు మీటరుకు 1.8 చొప్పున 9 టన్నులు, అందులో మూడో వంతు 3 టన్నులు. పై అంచున సున్నా, అడుగున 3 టన్నులు, మధ్యలో తిన్నగా పెరుగుతూ పోతుంది. కాబట్టి మొత్తం తోపుడు ఈ త్రిభుజం వైశాల్యం: 3లో సగం, దాన్ని 5తో గుణిస్తే 7.5 టన్నులు. అది పనిచేసే చోటు అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే 1.67 మీటర్ల పైన. ఇక్కడొక మెలకువ ఉంది. ఈ తోపుడును నిలువు గోడ వీపు మీద కాదు, హీల్ చివరి నుంచి పైకి గీసిన ఊహారేఖ మీద పట్టుకుంటారు. హీల్ మీద కూర్చున్న మట్టి గోడతో పాటే కదులుతుంది కాబట్టి, ఈ లెక్కలో అది గోడలో భాగమే.

బోల్తా ప్రశ్న మొదట. 7.5 టన్నులు 1.67 మీటర్ల ఎత్తున తోస్తే, టో అంచు చుట్టూ తిప్పే బలం 12.5 టన్ను-మీటర్లు. దీన్ని అడ్డుకునేవి బరువులు. బేస్ 3.75 టన్నులు, టో అంచు నుంచి 1.5 మీటర్ల దూరాన. నిలువు గోడ 4.5 టన్నులు, 1 మీటరు దూరాన. హీల్ మీద మట్టి 14.58 టన్నులు, 2.1 మీటర్ల దూరాన. ఒక్కో బరువును దాని దూరంతో గుణించి కలిపితే 40.7 టన్ను-మీటర్లు వస్తాయి. మొత్తం బరువు 22.83 టన్నుల్లో దాదాపు మూడింట రెండు వంతులు వెనక మట్టిదే. తోసేదీ మట్టే, హీల్ మీద కూర్చుని గోడను పట్టి ఉంచేదీ మట్టే. కాంటిలీవర్ గోడ ఇంత సన్నగా ఉండి కూడా నిలబడటానికి కారణం ఇదే.

మన దేశంలో కాంక్రీటు పనికి ఆధారమైన ఐఎస్ 456 నిలబెట్టే బరువులో 0.9 వంతే లెక్కలోకి తీసుకోమంటుంది. బరువు తగ్గితే గోడ బలహీనపడుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. దానితో బోల్తాకు భద్రత 40.7 × 0.9 ÷ 12.5, సుమారు 2.9. మట్టి తోపుడుకు డిజైనర్లు మామూలుగా కోరేది 1.4. అంటే కావలసినదానికి రెండింతలు ఉంది. ఇక్కడ ఆగి, గోడ భద్రం అనుకునేవాళ్లు చాలామంది.

రెండో ప్రశ్న దగ్గర ఆ ధీమా ఆగదు. జారుడులో దూరాలకు పాత్ర లేదు, బరువెంత, రాపిడెంత అన్నదే లెక్క. హీల్ మీద మట్టి 2.1 మీటర్ల దూరాన ఉండటం బోల్తాను ఆపడంలో ఎంతో కలిసొచ్చింది. జారుడుకు ఆ దూరం ఏమీ ఇవ్వదు. బేస్ కింద గరుకైన ఇసుకనేల ఉందనుకుని రాపిడి గుణకం 0.45 తీసుకుందాం. 22.83 × 0.9 × 0.45 అంటే 9.25 టన్నులు. తోపుడు 7.5 టన్నులు. భద్రత 1.23. ఇక్కడా ఐఎస్ 456 కోరేది 1.4. మన గోడ ఫెయిలయింది. బోల్తాకు రెండింతలు మిగులున్న గోడే జారుడుకు చాలలేదు. నేల బంకమట్టి అయి గుణకం 0.35కు పడిపోతే వచ్చేది 7.2 టన్నులే. తోపుడు కన్నా తక్కువ.

నిలువు గోడను మందం చేస్తే ఇది సరికాదు. పది సెంటీమీటర్లు పెంచి, ఆ మేరకు బేస్‌ను కూడా పెంచితే మీటరుకు చేరేది టన్నున్నర కూడా కాదు, ఖర్చు మాత్రం పై అంచు దాకా పెరుగుతుంది. టో పొడిగిస్తే బోల్తాకూ నేల మీది ఒత్తిడికీ మంచిదే కానీ, అక్కడ చేరేది కాంక్రీటు బరువొక్కటే. అదే హీల్ పొడిగిస్తే ప్రతి మీటరుకూ కాంక్రీటు 1.25 టన్నులతో పాటు దాని మీద నాలుగున్నర మీటర్ల మట్టి, 8.1 టన్నులు, ఊరికే వచ్చి కూర్చుంటుంది. మనకు లోటున్న బరువు 3.1 టన్నులు. హీల్‌ను 35 సెంటీమీటర్లు పెంచి బేస్‌ను 3.35 మీటర్లు చేస్తే బరువు 26.1 టన్నులవుతుంది, జారుడు భద్రత 1.41కి చేరుతుంది. ఒక మూర కన్నా తక్కువ కాంక్రీటుతో పని జరిగింది. ఇబ్బంది ఏమిటంటే, హీల్ పొడిగించాలంటే వాలును ఇంకా లోపలికి తవ్వాలి. వెనక పక్కవాళ్ల హద్దు ఉంటే అది కుదరదు.

అలాంటి చోట బేస్ అడుగున కాంక్రీటు పన్నులాంటి దిమ్మ దింపుతారు, దాన్ని షియర్ కీ అంటారు. గోడ జారాలంటే ఆ దిమ్మ ముందున్న మట్టిని తోసుకుపోవాలి. మట్టి ఎదురుతిరుగుతుంది. ఈ ఎదురు బలం కాగితం మీద చాలా పెద్దది. 30 డిగ్రీల మట్టికి పైబరువుకు మూడు రెట్లు. కానీ అది పూర్తిగా మేల్కొనడానికి యాక్టివ్ ప్రెషర్‌కు కావలసినదానికి ఎన్నో రెట్లు కదలిక కావాలి. అంత కదిలితే గోడ పాడైనట్టే. అందుకే జాగ్రత్తపరులు అందులో కొంత భాగాన్నే నమ్ముతారు. టో మీదా టో ముందూ ఉన్న పైపై మట్టిని అసలు లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోలేదు. కారణం సూటిగా ఉంది: ఆ మట్టి ఎల్లకాలం ఉంటుందన్న హామీ లేదు. రేపు ఎవరో మురుగుకాలువ కోసమో మంచినీళ్ల పైపు కోసమో గోడ పాదం వెంట కందకం తవ్వుతారు. తవ్వేవాళ్లకు అది మట్టి. గోడకు అది ముందువైపు ఆధారం.

మూడో ప్రశ్న నేలది. బరువు నిట్టనిలువుగా, సరిగ్గా మధ్యలో పడితే బేస్ అంతటా ఒకే ఒత్తిడి ఉండేది. పక్కతోపుడు వల్ల బరువు టో వైపు నెట్టుకొస్తుంది. ఎంత నెట్టుకొచ్చిందో చూడటానికి నిలబెట్టే బలంలోంచి తిప్పే బలాన్ని తీసేసి మొత్తం బరువుతో భాగించాలి. సరిచేసిన గోడకు అది టో అంచు నుంచి 1.48 మీటర్ల దూరాన పడుతుంది. బేస్ మధ్యబిందువు 1.675 దగ్గరుంది, కాబట్టి పక్కకు జరిగింది 20 సెంటీమీటర్లే. బేస్‌ను మూడు సమభాగాలు చేస్తే బరువు పడే చోటు నడిమి భాగంలోనే ఉండాలన్నది పాత నియమం. అలా ఉన్నంతవరకు హీల్ చివర నేలనుంచి లేవదు. మన గోడ ఉంది. టో కింద ఒత్తిడి చదరపు మీటరుకు 10.5 టన్నులు, హీల్ కింద 5.1. సాయిల్ టెస్ట్ రిపోర్టులో నేల 15 టన్నులు మోస్తుందని ఉంటే ఇక్కడ గండం లేదు. హీల్ పొడిగించక ముందు టో కింద 11.6 ఉండేది. అంటే జారుడు కోసం చేసిన మార్పు ఇక్కడా కలిసొచ్చింది. నేల మెత్తనిదైతే మాత్రం కథ మారుతుంది. టో కింద నేల కొద్దిగా కుంగిందంటే గోడ ముందుకు వాలుతుంది, బరువు ఇంకాస్త టో వైపు జరుగుతుంది, ఒత్తిడి మరింత పెరుగుతుంది, నేల మరింత కుంగుతుంది. ఒక గోడ ఏళ్ల తరబడి మెల్లగా వాలుతూ ఉందంటే మొదట అనుమానించవలసింది ఈ టో కింది నేలనే.

ఈ లెక్కంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది: వెనక మట్టి 30 డిగ్రీల రాపిడి ఉన్న మంచి మట్టి. తవ్విన మట్టినే తిరిగి పోసేసి, అది 25 డిగ్రీలదైతే తోపుడు 7.5 నుంచి 9.1 టన్నులకు ఎగబాకుతుంది. మనం కష్టపడి తెచ్చుకున్న 1.41 తిరిగి 1.16కు దిగిపోతుంది. నల్లరేగడి పోస్తే ఏ సూత్రమూ కాపాడదు, తడిసినప్పుడు అది ఉబ్బి తోసే తోపుడు ఈ లెక్కలో లేనే లేదు. గోడ వెనక మొరం గానీ ఇసుకమట్టి గానీ పోయమని డ్రాయింగ్ మీద రాయడం ఇందుకే.

ఇంతకన్నా పెద్ద ఊహ ఇంకొకటుంది. మట్టిలో నీళ్లు లేవు. వానాకాలంలో నీరు దిగి, బయటికి దారిలేక, గోడ వెనక పై అంచు దాకా నిండిందనుకోండి. నీటికి రాపిడి లేదు. మట్టి తన బరువులో మూడో వంతే పక్కకు తోస్తే, నీరు తన బరువంతా తోస్తుంది. నీళ్లలో మునిగిన మట్టి తేలికై 4.2 టన్నులే తోస్తుంది కానీ, నీరొక్కటే 12.5 టన్నులు తోస్తుంది. రెండూ కలిపి 16.7 టన్నులు. ఏడున్నర టన్నులకు డిజైన్ చేసిన గోడ మీద రెండింతలకు పైగా వచ్చిపడింది. అంతటితో పోదు. బేస్ కిందికి చేరిన నీరు గోడను పైకి ఎత్తుతుంది. హీల్ దగ్గర పూర్తి ఒత్తిడి, టో దగ్గర సున్నా అనుకుంటే ఎత్తే బలం 8.4 టన్నులు. నేలను నొక్కిపెట్టే బరువు అంత మేరకు తగ్గుతుంది, దానితో రాపిడీ తగ్గుతుంది.

సరిచేసిన గోడకే ఈ లెక్క వేస్తే, 0.9 తగ్గింపు కూడా పెట్టకుండా, జారుడు భద్రత 0.53. బోల్తాకు 1.19. బరువు పడే చోటు టో అంచు నుంచి 46 సెంటీమీటర్లకు వచ్చేస్తుంది. నడిమి భాగం దాటిపోయింది కాబట్టి హీల్ వైపు బేస్ లేచిపోయి, 3.35 మీటర్లలో 1.38 మీటర్లే నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. టో కింద ఒత్తిడి 28 టన్నులు దాటుతుంది, నేల మోయగలిగేది 15. మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకేసారి తలకిందులైంది. అందులోనూ ముందుగా తెగేది జారుడే. గోడ కొలత మారలేదు, ఇనుము మారలేదు, వెనక నీరు చేరిందంతే. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు తెల్లవారకముందే భారీ వానలో, కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. అది మనం చెప్పుకుంటున్న తరహా కాంటిలీవర్ గోడ కాదు. అయినా వానకూ గోడకూ ఉన్న సంబంధం తెలుగువాళ్లందరూ చూశారు.

పై అంచు దాకా నీరు నిండినా నిలిచేలా గోడ కట్టొచ్చు, కానీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే డిజైనరు నీరు చేరదని ఒప్పుకుని లెక్క వేస్తాడు, ఆ ఒప్పందాన్ని నిలబెట్టే పని సైటుకు అప్పగిస్తాడు. ఆ పని వీప్ హోల్స్‌ది. గోడలో మీటరున్నరకు ఒకటి చొప్పున, 75 నుంచి 100 మిల్లీమీటర్ల పైపు ముక్కలు బయటికి కొద్దిగా వాలుగా పెడతారు. అన్నిటికంటే కింది వరుస ముందువైపు నేలకు కాస్త పైన ఉండాలి. పైపు పెట్టినంత మాత్రాన నీరు రాదు. దాని వెనక గోడ పొడవునా ముప్పై సెంటీమీటర్లకు తగ్గకుండా కంకర పొర ఉండాలి. కంకరకూ మట్టికీ మధ్య వడపోత గుడ్డో, సన్న నుంచి ముతకకు మారే ఇసుక-కంకర పొరో ఉండాలి. అది లేకపోతే మట్టి కొట్టుకొచ్చి రెండు మూడు వానాకాలాల్లో కంకర సందులన్నీ పూడిపోతాయి. చాలా సైట్లలో జరిగేది వేరు. కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు పాలు పైపులోకి కారి గడ్డకడుతుంది. లేదంటే గోడ కట్టాక వెనక కంకర వేయకుండా తవ్వినమట్టే నింపేసి చదును చేస్తారు. బయట నుంచి చూస్తే వరసగా రంధ్రాలు కనిపిస్తాయి, పని మాత్రం చేయవు.

అవి పనిచేస్తున్నాయో లేదో చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. పెద్ద వాన పడిన మరునాడు వెళ్లి చూడాలి. రంధ్రాలనుంచి నీరు కారుతుంటే మంచిది, తేటగా కారితే ఇంకా మంచిది. బురదగా కారితే వడపోత లేదని, వెనక మట్టి కొట్టుకుపోతోందని అర్థం. రంధ్రాలు పొడిగా ఉండి, గోడ ముఖం మీద చెమ్మ మరకలు, జాయింట్లలోంచి ఊట కనిపిస్తే వెనక నీరు నిలిచిందన్నమాట. అప్పుడు పైపులో సన్న ఊచ దూర్చి పూడిక తీయించాలి. ఊచ వెనక కంకరను తాకకుండా గట్టి సిమెంటును తాకితే కొత్త రంధ్రాలు తొలిపించాలి. గోడ పైన నేల మీద కూడా ఒక కన్నేయాలి. తెగే తలం హీల్ చివర నుంచి 60 డిగ్రీల వాలులో పైకి వస్తుంది. మన గోడకు అది నేల మీదికి తేలే చోటు హీల్ చివరికి పైన దాదాపు 2.9 మీటర్ల వెనక, అంటే నిలువు గోడ వీపు నుంచి అయిదు మీటర్ల దూరంలో. ఆ మేరలో గోడకు సమాంతరంగా నేల మీద పొడవైన బీట కనిపించిందంటే ఆ ముక్క కదలడం మొదలైందని గుర్తు. దాన్ని సిమెంటుతో కప్పి ఊరుకోకూడదు. నీరు లోపలికి దిగకుండా పైన ముందు ప్లాస్టిక్ షీటు పరచాలి, గోడ కింద ఎవరూ ఉండకుండా చూడాలి, ఇంజనీరును పిలవాలి. గోడ వాలిందో లేదో పై అంచు నుంచి మట్టగుండు వేలాడదీస్తే తెలుస్తుంది. జారిందో లేదో మట్టగుండు చెప్పదు. అది తెలియాలంటే పక్కపక్క గోడ ముక్కల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింట్ దగ్గర ముఖాలు ఒకే వరుసలో ఉన్నాయా, ఒకటి ముందుకు వచ్చిందా అని కింది నుంచి పై దాకా చూడాలి. పైనా కిందా సమానంగా ముందుకు వచ్చి ఉంటే అది జారుడే.